ఊహతో మొదలై జవాబు దాకా: జాకోబీ, గాస్-సీడెల్ పద్ధతులు

సరళ సమీకరణాల గుంపును సాధించడానికి బడిలో నేర్పేది తొలగింపు పద్ధతి. ఒక సమీకరణంతో ఒక రాశిని తప్పించి, రెండో దానితో ఇంకో రాశిని తప్పించి, చివరికి ఒక్క రాశి మిగిలాక వెనక్కి వస్తూ అన్నీ రాబడతారు. జాకోబీ, గాస్-సీడెల్ పద్ధతుల దారి వేరు. ఇవి ఏ రాశినీ తొలగించవు. అన్ని రాశులకూ ఏవో విలువలు ఊహించుకుని మొదలుపెట్టి, ఒక్కో సమీకరణాన్ని చూస్తూ ఆ విలువలను విడతలు విడతలుగా సవరిస్తాయి. సవరించే కొద్దీ విలువలు అసలు జవాబుకు దగ్గరవుతుంటే గణితంలో దాన్ని అభిసరణ అంటారు. దూరమైపోతుంటే అపసరణ. ఎప్పుడు దగ్గరవుతాయి, ఎప్పుడు చెదిరిపోతాయి అన్నది ముందే చెప్పగలగడమే ఈ విషయంలో అసలు గణితం.

ఇలాంటి సమీకరణాలు వేలల్లో, లక్షల్లో పుట్టుకొచ్చే చోటు ఒకటి చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక చదరపు ఇనుప పలక ఉంది. దాని పై అంచును 100 డిగ్రీల దగ్గర, మిగతా మూడు అంచులను 0 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచారు. చాలాసేపటికి పలక లోపలి ఉష్ణోగ్రతలు కూడా మారడం ఆగి, ప్రతి చోటా ఒక స్థిరమైన విలువకు వస్తాయి. ఆ విలువలు కనుక్కోవడానికి పలక మీద గళ్లు గీసి, గీతలు కలిసే బిందువులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. స్థిరపడ్డాక ప్రతి బిందువు దగ్గరా ఉష్ణోగ్రత, దాని పైనా కిందా, కుడిఎడమలా ఉన్న నాలుగు బిందువుల సగటుకు సమానంగా ఉంటుంది. అంటే ఒక్కో బిందువుకు ఒక్కో సమీకరణం.

అడ్డంగా 100, నిలువుగా 100 బిందువులు తీసుకుంటే తెలియని రాశులు 10,000 అవుతాయి. గుణకాలన్నీ పట్టికగా రాస్తే అందులో 10 కోట్ల గడులుంటాయి. కానీ ఏ సమీకరణంలోనూ ఐదుకు మించి రాశులు లేవు కాబట్టి సున్న కాని గుణకాలు 50,000 కూడా ఉండవు. తొలగింపు పద్ధతిని పట్టిక మొత్తం మీద అలాగే నడిపితే దాదాపు 33,000 కోట్ల గుణకారాలు పడతాయి. పైగా ఒక రాశిని తొలగించినప్పుడల్లా ఇంతకుముందు సున్నలున్న చోట కొత్త అంకెలు వచ్చి చేరతాయి. సున్నలు ఎక్కువగా ఉన్న పట్టికల కోసం తొలగింపు పద్ధతిని తెలివిగా మలిచిన రకాలు ఉన్నాయి, ఇంత చిన్న పలకకు అవి బాగానే పనిచేస్తాయి. పలక బదులు దిమ్మ అయితే, రాశులు కోట్లలోకి వెళితే, ఆ కొత్త అంకెల బరువు వాటికీ మోయరానిదవుతుంది. విడతల పద్ధతికి ఆ బెడద లేదు. పట్టికలోని సున్నలు సున్నలుగానే ఉండిపోతాయి, విడతకు అయ్యే పని సున్న కాని గుణకాల సంఖ్యకు తగ్గట్టే ఉంటుంది.

చేత్తో చేసి చూడటానికి లోపల నాలుగే బిందువులున్న పలక చాలు. పై వరుసలో ఎడమది a, కుడిది b. కింది వరుసలో ఎడమది c, కుడిది d. ప్రతి బిందువుకూ రెండు పొరుగు బిందువులు లోపలివి, రెండు అంచు మీదివి. సమీకరణాలు ఇలా వస్తాయి:

```
a = (100 + b + c) / 4
b = (100 + a + d) / 4
c = (a + d) / 4
d = (b + c) / 4
```

అసలు జవాబు a = b = 37.5, c = d = 12.5. ఇది సరైనదేనని పై సమీకరణాల్లో పెట్టి చూస్తే తేలిపోతుంది. ఇది తెలియనట్టే నటించి, నాలుగింటికీ సున్న ఊహించి మొదలుపెట్టాలి.

జాకోబీ పద్ధతిలో ఒక విడత మొత్తం పాత విలువలతోనే నడుస్తుంది. మొదటి విడతలో a, b లకు 25 వస్తుంది, c, d లకు 0. ఈ నాలుగు విలువలనూ పక్కన రాసుకుని, రెండో విడతకు వాటినే వాడితే a, b లు 31.25 అవుతాయి, c, d లు 6.25. మూడో విడతలో 34.375, 9.375. నాలుగో విడతలో 35.9375, 10.9375. జవాబు తెలుసు కనుక ఎంత దోషం మిగిలిందో చూడొచ్చు. అన్ని బిందువుల దగ్గరా అది 12.5, 6.25, 3.125, 1.5625. విడతకు సగం చొప్పున తరుగుతోంది.

గాస్-సీడెల్ పద్ధతిలో మార్పు ఒక్కటే. కొత్త విలువ చేతికి రాగానే పాతదాన్ని చెరిపేసి, అదే విడతలో తర్వాతి సమీకరణానికి దాన్ని వాడేస్తారు. మొదటి విడతలోనే a = 25, ఆ 25ను వాడుకుని b = 31.25, తర్వాత c = 6.25, d = 9.375. రెండో విడతలో a = 34.375, b = 35.9375, c = 10.9375, d = 11.71875. ఇక్కడ d దోషం 3.125 నుంచి 0.78125కు పడింది, అంటే నాలుగో వంతుకు. జాకోబీ రెండు విడతల్లో సాధించినది గాస్-సీడెల్ ఒక్క విడతలో సాధిస్తోంది. ఇది యాదృచ్ఛికం కాదు. పలక లాంటి గళ్ల సమీకరణాల్లో గాస్-సీడెల్ తరుగుదల నిష్పత్తి ఎప్పుడూ జాకోబీ నిష్పత్తికి వర్గమే. ఇంకో లాభం, పాత విలువలకూ కొత్త విలువలకూ వేర్వేరు జాగా ఉంచుకోనక్కర్లేదు. జాకోబీకి ఉన్న వెసులుబాటు వేరు. ఒక విడతలోని సమీకరణాలు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూడవు కనుక, వాటిని ఎన్ని ప్రాసెసర్లకైనా పంచి ఒకేసారి చేయించవచ్చు.

ఈ పద్ధతులు కంప్యూటర్లతో పుట్టినవి కావు. 1823లో కార్ల్ ఫ్రీడ్‌రిష్ గాస్ తన పూర్వ విద్యార్థి గెర్లింగ్‌కు రాసిన ఉత్తరంలో, భూమి కొలతల నుంచి వచ్చిన సమీకరణాలను ఇలా విడతలుగా సవరించే తీరు వివరించి, ఇది సగం నిద్రలో కూడా చేయగలిగిన పని అని మెచ్చుకున్నాడు. అయితే ఆయన సమీకరణాలను వరసగా తీసుకోలేదు. ఎక్కడ తేడా ఎక్కువ కనిపిస్తే ముందు అక్కడ సవరించేవాడు. జాకోబీ 1845లో తన పద్ధతిని ప్రచురించినప్పుడు దానికి లెక్కలు చేసిపెట్టినవాడు ఆయన విద్యార్థి ఫిలిప్ లుడ్విగ్ సీడెల్. ఆ సీడెల్ 1874లో తన పేరు మీద రాసిన వ్యాసంలో కూడా వరసగా తిరగవద్దనే సలహా ఇచ్చాడు. గాస్-సీడెల్ పద్ధతి గాస్‌కు తెలియదు, సీడెల్ దాన్ని సిఫారసు చేయలేదు అని జార్జ్ ఫోర్సైత్ అనే గణితవేత్త తర్వాతి కాలంలో వేసిన చురక ఇందుకే. కాగితం మీద లెక్క చేసే మనిషికి తేడా ఎక్కడ ఎక్కువో కళ్లతో వెతకడం తేలిక. యంత్రానికి ఆ వెతుకులాటే ఖర్చు, వరసగా తిరగడమే చవక.

జవాబుకు చేరడం మాత్రం ప్రతిసారీ జరిగేది కాదు. 4x + y = 9, x + 3y = 5 అనే చిన్న జంటకు జవాబు x = 2, y = 1. మొదటి సమీకరణం నుంచి x ను, రెండో దాని నుంచి y ను రాబడుతూ జాకోబీ విడతలు నడిపితే ప్రతి రెండు విడతలకూ దోషం 12వ వంతుకు పడిపోతుంది. ఇప్పుడు ఇవే సమీకరణాలను తారుమారు చేసి, రెండో దాని నుంచి x = 5 − 3y అనీ, మొదటి దాని నుంచి y = 9 − 4x అనీ రాసుకుంటే సంగతి తలకిందులవుతుంది. సున్నలతో మొదలైతే మొదటి విడతలో (5, 9), తర్వాత (−22, −11), ఆ తర్వాత (38, 97). రెండు విడతలకు 12 రెట్లు చొప్పున దోషం పెరుగుతోంది. సమీకరణాలు అవే, జవాబూ అదే. మారిందల్లా ఏ రాశిని ఏ సమీకరణంతో సవరిస్తున్నారన్నదే.

తేడా ఎక్కడుందో గుణకాలే చెబుతాయి. మంచి అమరికలో ఏ రాశిని సవరిస్తున్నారో ఆ రాశి గుణకమే ఆ సమీకరణంలో పెద్దది. గుణకాల పట్టికలో ఇలాంటి గుణకాలు ఒక మూల నుంచి ఎదుటి మూలకు వెళ్లే వికర్ణం మీద కూర్చుంటాయి. ప్రతి సమీకరణంలోనూ వికర్ణ గుణకం పరిమాణం, గుర్తు సంగతి వదిలేసి, మిగతా గుణకాల పరిమాణాల మొత్తం కంటే పెద్దదైతే ఆ పట్టికకు వికర్ణ ప్రాబల్యం ఉందంటారు. అప్పుడు ఏ ఊహతో మొదలుపెట్టినా జాకోబీ, గాస్-సీడెల్ రెండూ జవాబుకు చేరి తీరతాయి.

దీనికి రుజువు పెద్ద పని కాదు. ఒక విడత మొదట్లో ఏ రాశి దోషమూ E కంటే ఎక్కువ లేదనుకుందాం. ఒక రాశిని సవరించినప్పుడు దాని కొత్త దోషం, మిగతా రాశుల దోషాలను వాటి గుణకాలతో హెచ్చవేసి కలిపి, వికర్ణ గుణకంతో భాగించగా వచ్చేది. మిగతా గుణకాల మొత్తాన్ని వికర్ణ గుణకంతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని q అంటే, కొత్త దోషం q × E ని దాటలేదు. అన్ని సమీకరణాల్లోకీ పెద్దదైన q కూడా 1 కంటే తక్కువే కనుక, ప్రతి విడతా అతి పెద్ద దోషాన్ని కనీసం q రెట్లకు కుదిస్తుంది. గాస్-సీడెల్‌లో కొన్ని రాశులు అప్పటికే చిన్న దోషంతో ఉంటాయి, కాబట్టి అదే హామీ దానికీ వర్తిస్తుంది. నాలుగు బిందువుల పలకలో వికర్ణ గుణకం 4, లోపలి పొరుగు బిందువులు రెండు, q = 2/4. విడతకు సగం చొప్పున దోషం తరగడం అక్కడ కళ్లారా చూసినదే.

అయితే పలకను 100కు 100 గళ్లు చేయగానే ఈ హామీ చేజారుతుంది. లోతట్టు బిందువుకు నాలుగు పొరుగు బిందువులూ తెలియనివే. వికర్ణం మీద 4, మిగతావాటి మొత్తం కూడా 4, అంటే q = 1. దోషం పెరగదని మాత్రం చెప్పగలం, తరుగుతుందని చెప్పలేం. ఆదుకునేవి అంచు పక్క బిందువులు. వాటి పొరుగులో కనీసం ఒకటి తెలిసిన అంచు విలువ కనుక అక్కడ 4 ఎదుట 3 మాత్రమే ఉంటుంది, దోషం కచ్చితంగా తరుగుతుంది. ఆ తరుగుదల తర్వాతి విడతలో పక్క బిందువుకు, ఆపై విడతలో దాని పక్కదానికి పాకుతుంది. పలకలో ఏ బిందువు నుంచైనా అంచుదాకా పొరుగుల గొలుసు ఉంది కాబట్టి చివరికి ఎవరూ తప్పించుకోరు. సిద్ధాంతం చెప్పేదీ ఇదే: అన్ని సమీకరణాల్లో వికర్ణ గుణకం మిగతా మొత్తం కంటే తక్కువ కాకుండా, ఒక్కదానిలోనైనా కచ్చితంగా ఎక్కువగా ఉండి, సమీకరణాలన్నీ ఒకదానికొకటి గొలుసుగా ముడిపడి ఉంటే అభిసరణ ఖాయం. ఆ ఒక్కటీ లేకపోతే ఏమవుతుందో కూడా పలకే చూపిస్తుంది. నాలుగు అంచులకూ ఉష్ణోగ్రత నిర్దేశించకుండా, వేడి బయటికి పోకుండా మూసేస్తే ఎక్కడా 4 ఎదుట 3 ఉండదు. అప్పుడు పలక మొత్తం 20 డిగ్రీలన్నా సరే, 70 డిగ్రీలన్నా సరే సమీకరణాలు ఒప్పుకుంటాయి. జవాబే ఒక్కటి కానప్పుడు పద్ధతిని తప్పుపట్టి లాభం లేదు.

వికర్ణ ప్రాబల్యం లేకపోయినా గాస్-సీడెల్‌కు మరో గట్టి ఆధారం ఉంది. కొలతల్లోని పొరపాట్లను సర్దే కనిష్ఠ వర్గాల లెక్కల్లో, వంతెనలు, భవనాల బలాల లెక్కల్లో వచ్చే పట్టికలు వికర్ణానికి అటూ ఇటూ ఒకేలా ఉంటాయి. అంతేకాదు, వాటి వెనక శక్తి లాంటి ఒక రాశి ఉంటుంది, అది అసలు జవాబు దగ్గర అన్నిటికంటే తక్కువ. ఇలాంటి పట్టికలను ధన నిశ్చిత సౌష్ఠవ మాత్రికలంటారు. ఆ శక్తిని ఒక గిన్నెలా ఊహించుకుంటే, జవాబు గిన్నె అడుగు. గాస్-సీడెల్‌లో ఒక రాశిని సవరించడమంటే ఆ ఒక్క దిశలో కదిలి, ఆ దిశలో దొరికే అతి పల్లానికి దిగడమే. ప్రతి అడుగూ కిందికే పడుతుంది, పైకి ఎక్కే వీలే లేదు. అందుకే ఇలాంటి పట్టికలకు గాస్-సీడెల్ ఎప్పుడూ జవాబుకు చేరుతుంది. గాస్ లెక్కలు చెదిరిపోకపోవడానికి కారణం ఆయన ఓపిక కాదు, కనిష్ఠ వర్గాల సమీకరణాలకు ఉన్న ఈ గుణమే.

జాకోబీకి ఈ హామీ లేదు. x + 0.8y + 0.8z = 2.6, అలాగే మిగతా రెండు సమీకరణాల్లోనూ సొంత రాశికి 1, మిగతా రెండింటికీ 0.8 అనుకుంటే జవాబు మూడింటికీ 1. పట్టిక ధన నిశ్చితమే. కానీ సున్నలతో మొదలైన జాకోబీ మూడు రాశులకూ 2.6, ఆ తర్వాత −1.56, ఆ తర్వాత 5.096 ఇస్తుంది. దోషం ప్రతి విడతకూ గుర్తు మార్చుకుంటూ 1.6 రెట్లు పెరుగుతోంది. విడివిడిగా చూస్తే ప్రతి సవరణా సరైనదే. ముగ్గురూ ఒకరి కదలిక ఒకరికి తెలియకుండా ఒకే దిశలో దూకేసరికి ముగ్గురూ కలిసి అడుగును దాటిపోయి ఎదుటి గోడ ఎక్కేస్తున్నారు.

ఇంతవరకు చూస్తే గాస్-సీడెల్ ఎప్పుడూ జాకోబీ కంటే మేలనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు కూడా చాలాసార్లు ఆ అభిప్రాయమే మిగిల్చి వదిలేస్తాయి. అది నిజం కాదు.

```
 x + 2y − 2z = 1
 x +  y +  z = 3
2x + 2y +  z = 5
```

దీనికీ జవాబు మూడూ 1. సున్నలతో మొదలైన జాకోబీ (1, 3, 5), తర్వాత (5, −3, −3), మూడో విడతలో కచ్చితంగా (1, 1, 1). ఒక్క దశాంశం కూడా తేడా లేదు. గాస్-సీడెల్ మాత్రం (1, 2, −1), (−5, 9, −3), (−23, 29, −7) అంటూ చెదిరిపోతుంది. z దోషం 2, 4, 8గా రెట్టింపవుతోంది. ఇక్కడ వికర్ణ ప్రాబల్యమూ లేదు, సౌష్ఠవమూ లేదు. పై రెండు హామీలూ చెల్లని చోట ఏ పద్ధతి గెలుస్తుందో చూసి చెప్పలేం.

అన్ని సందర్భాలకూ చెల్లే నియమం ఒకటుంది. ఒక విడతలో పాత దోషాల నుంచి కొత్త దోషాలు వచ్చే తీరును ఒక మాత్రికగా రాయవచ్చు. ఆ మాత్రికకు ఐగెన్ విలువలంటూ కొన్ని సంఖ్యలుంటాయి. వాటిలో అతి పెద్దదాని పరిమాణం 1 కంటే తక్కువైతే ఏ ఊహతో మొదలుపెట్టినా అభిసరణ, లేకపోతే ఆ హామీ లేదు. చాలా విడతల తర్వాత దోషం తరిగే నిష్పత్తి కూడా ఆ సంఖ్యే. నాలుగు బిందువుల పలకలో అది జాకోబీకి 1/2, గాస్-సీడెల్‌కు 1/4. చివరి ఉదాహరణలో జాకోబీకి 0, గాస్-సీడెల్‌కు 2. నియమం నిక్కచ్చిదే కానీ వాడకానికి కష్టం. పెద్ద పట్టికకు ఐగెన్ విలువలు కనుక్కోవడం అసలు సమీకరణాలు సాధించడం కంటే పెద్ద పని. వికర్ణ ప్రాబల్యం లాంటి షరతులకు విలువ అందుకే: గుణకాలను ఒకసారి కూడి చూస్తే చాలు.

జవాబుకు చేరుతుందన్న హామీ, త్వరగా చేరుతుందన్న హామీ ఒకటి కావు. 100కు 100 బిందువుల పలకలో జాకోబీ నిష్పత్తి దాదాపు 0.9995. దోషాన్ని పదో వంతుకు తేవడానికి, అంటే జవాబులో ఒక్క అంకె కొత్తగా సరిపడటానికి, సుమారు 4,760 విడతలు కావాలి. గాస్-సీడెల్‌కు అందులో సగం, సుమారు 2,380. అంచు దగ్గరి కబురు విడతకు ఒక్క బిందువు చొప్పున నడిచి నడిమధ్యకు చేరాలి మరి.

ఈ నెమ్మదితనంలోనే ఒక ఉచ్చు ఉంది. రెండు వరస విడతల మధ్య మార్పు 0.001 డిగ్రీ కంటే తగ్గగానే ఆపేయడం చాలామంది చేసే పని. పై పలకలో గాస్-సీడెల్ అలా ఆగే సమయానికి అసలు దోషం ఇంకా దాదాపు 1 డిగ్రీ ఉండవచ్చు. మార్పు తక్కువగా ఉండటానికి కారణం జవాబు దగ్గర పడటం కాదు, అడుగులు చిన్నవి కావడం. దీన్ని కనిపెట్టే ఉపాయం సులువే. వరసగా రెండు మార్పులను తీసుకుని, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే తరుగుదల నిష్పత్తి r అంచనా దొరుకుతుంది. రెండో మార్పును r/(1 − r) తో హెచ్చవేస్తే మిగిలిన దోషం అంచనా అవుతుంది. చిన్న పలకలో d విలువలు 9.375, 11.71875, 12.3046875. మార్పులు 2.34375, 0.5859375, నిష్పత్తి 0.25. అంటే మిగిలిన దోషం 0.5859375లో మూడో వంతు, 0.1953125. అసలు జవాబు 12.5 నుంచి తీసివేసి చూస్తే సరిగ్గా అంతే. r విలువ 1కి పైన కనిపిస్తూ ఉంటే విడతలు చెదిరిపోతున్నట్టు, ఇక ఆగి సమీకరణాల అమరికను మళ్లీ చూసుకోవాలి.

వేగం పెంచే దారిని డేవిడ్ యంగ్ 1950లో హార్వర్డ్‌కు సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో పూర్తిగా విశ్లేషించాడు. గాస్-సీడెల్ చెప్పిన సవరణ ఎంతో అంతే కాకుండా, దాన్ని 1 కంటే పెద్దదైన ఒక సంఖ్యతో హెచ్చవేసి కాస్త ముందుకు నెట్టడమే ఉపాయం. ధన నిశ్చిత సౌష్ఠవ మాత్రికలకు ఆ సంఖ్య 0కు, 2కు మధ్య ఏదైనా సరే అభిసరణ తప్పదని రైష్, ఓస్ట్రోవ్‌స్కీ నిరూపించారు. 100కు 100 పలకకు తగిన సంఖ్య సుమారు 1.94. దానితో ఒక అంకె సరిపడటానికి 2,380 బదులు 37 విడతలు చాలు. సంఖ్య 2ను చేరితే మాత్రం గిన్నెలో దిగడం ఆగిపోయి, అదే ఎత్తులో అటూ ఇటూ ఊగడమే మిగులుతుంది.